క్రియాటినిన్ 1.42, పక్కన H: ఉద్దానంలో ఒకే ఇంటి రెండు రిపోర్టులు

పేషెంటు 26 ఏళ్ళ కుర్రాడు, కవిటి మండలం. ఎత్తు 178 సెంటీమీటర్లు, బరువు 84 కిలోలు. కానిస్టేబుల్ ఉద్యోగానికి తయారవుతున్నాడు. పొద్దున్నే పరుగు, సాయంత్రం జిమ్. ఒంట్లో ఏ ఇబ్బందీ లేదు. ఊళ్ళో హెల్త్ క్యాంపు పెడితే అందరితో పాటు రక్తం ఇచ్చాడు. రిపోర్టులో పద్దెనిమిది పరీక్షలున్నాయి. పదిహేడు బాగున్నాయి. ఒక్కటి మాత్రం బోల్డు అక్షరాల్లో ఉంది: కిడ్నీ పనితీరుని చెప్పే సీరం క్రియాటినిన్ 1.42, పక్కన 'ఎక్కువ' అని చెప్పే H, ఆ పక్కన రేంజ్ 0.6 – 1.3.

వేరే ఊళ్ళో అయితే ఈ అంకెని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. ఉద్దానంలో అలా కాదు. కవిటి, కంచిలి, సోంపేట, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస ప్రాంతాల్లో షుగరూ బీపీ లేని నడివయసు రైతులకి, కూలీలకి కిడ్నీలు పాడవుతున్నాయి. ఎందుకన్నది ఇప్పటికీ తేలలేదు. అక్కడ చదువు రానివాళ్ళు కూడా క్రియాటినిన్ అంకెని రూపాయి లెక్కలా చెబుతారు. ఈ కుర్రాడి పెదనాన్న డయాలసిస్ మీద ఉండి పోయారు. అందుకే తల్లి కూడా వెంట వచ్చింది. కూర్చోకుండానే అడిగింది: "డాక్టరు బాబూ, మా గుంటడికి కూడా కిడ్నీ వచ్చీసిందేటి?"

నేను శ్రీకాకుళంలో ల్యాబ్ డాక్టర్ని, బయోకెమిస్ట్రీ నా విభాగం. మందులు రాయడం నా పని కాదు. అంకె ఎలా వచ్చింది, దాన్ని ఎంతవరకు నమ్మాలి అన్నదే నా పని. ఈ కేసుని వాళ్ళ అనుమతితో, గుర్తుపట్టే వివరాలు తీసేసి, పూర్తిగా రాస్తున్నాను. కొడుకు రిపోర్టు కోసం వచ్చిన తల్లి గురించి కూడా ఇందులో ఉంది, ఎందుకంటే అసలు విషయం అక్కడే బయటపడింది.

ఆ 1.3 ఎక్కడి నుంచి వచ్చింది

రిఫరెన్స్ రేంజ్ అంటే ఆరోగ్యానికీ జబ్బుకీ మధ్య గీత అని చాలామంది అనుకుంటారు. తయారయ్యే తీరు చూస్తే అలా అనిపించదు. ముందు ఆరోగ్యంగా ఉన్నారని తేల్చుకున్న మనుషులను ఎంచుకుంటారు. కనీసం 120 మంది ఉండాలని అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతాయి, ఆడవాళ్ళకీ మగవాళ్ళకీ రేంజ్ వేరైతే ఒక్కో వర్గానికి 120 మంది. అందరి రక్తం ఒకే పద్ధతిలో తీసి, ఒకే పద్ధతిలో పరీక్షించి, వచ్చిన విలువలను చిన్నదాని నుంచి పెద్దదాని వరకు వరసలో పెడతారు. కింది నుంచి మూడో విలువ కింది హద్దు, 118వ విలువ పై హద్దు. మధ్యలో ఉన్న 95 శాతం మంది 'రేంజ్ లోపల', రెండు చివర్లలో మిగిలిన 5 శాతం మంది 'బయట'.

ఆ చివర్లలో ఉన్నవాళ్ళు కూడా ఆరోగ్యవంతులేనని మరిచిపోకూడదు. ఆరోగ్యవంతులని నిర్ధారించుకున్నాకే వాళ్ళని తీసుకున్నారు. వాళ్ళ విలువలు కొలిచాక, వరస చివర్లో పడ్డారు కాబట్టి మాత్రమే బయటికి వెళ్ళారు. అంటే ప్రతి పరీక్షలోనూ ఆరోగ్యంగా ఉన్న ఇరవై మందిలో ఒకరికి H గానీ L గానీ పడేలా ఆ పద్ధతిలోనే నిర్ణయమైపోయింది. అది లోపం కాదు, లెక్క.

ఇక ఒకే మనిషికి పద్దెనిమిది పరీక్షలు చేస్తే? ఒక్కో పరీక్షలో లోపల పడే అవకాశం 95 శాతం, పరీక్షలు ఒకదానితో ఒకటి సంబంధం లేనివి అనుకుంటే, అన్నిట్లోనూ లోపలే ఉండే అవకాశం దాదాపు 40 శాతమే. అంటే ఎక్కడో ఒకచోట H గానీ L గానీ పడే అవకాశం దాదాపు 60 శాతం. నిజానికి కొన్ని పరీక్షలు ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి కాబట్టి ఈ 60 అంత ఉండదు, కానీ హెల్త్ ప్యాకేజీ చేయించుకున్న ఆరోగ్యవంతుడికి ఒక్క H అయినా రావడంలో వింతేమీ లేదని అర్థమవుతుంది. 'నార్మల్ రేంజ్' అనే మాటని పక్కన పెట్టి 'రిఫరెన్స్ వాల్యూస్' అనాలని 1969లో ఫిన్లాండ్ శాస్త్రవేత్తలు గ్రాస్‌బెక్, సారిస్ ప్రతిపాదించింది ఇందుకే. బయట ఉన్నంత మాత్రాన అబ్‌నార్మల్ అని అనకూడదు.

ఆ పై హద్దు కూడా సన్నని గీత కాదు. 120 మందిలో 118వ వాడి విలువని మనం హద్దు అంటున్నాం. ఇంకో 120 మందిని తీసుకుంటే అది కొద్దిగా మారుతుంది. లెక్క ప్రకారం అసలు హద్దు 114వ విలువకీ 120వ విలువకీ మధ్య ఎక్కడైనా ఉండొచ్చని 90 శాతం నమ్మకంతో చెప్పగలం, అంతే. రిపోర్టు మీద మాత్రం 1.3 అని ఒకే అంకె ప్రింటవుతుంది. సాఫ్ట్‌వేర్ రెండు అంకెలని పోల్చి చూస్తుంది. 1.30 అయితే ఏమీ అనదు, 1.31 అయితే H వేస్తుంది. మనిషి ఎవరో, ఏం తిన్నాడో, నిన్న ఏం చేశాడో దానికి తెలియదు.

మన ల్యాబులు చాలావరకు 120 మందిని సొంతంగా పోగు చేసుకోవు. కిట్టుతో వచ్చే కాగితంలో తయారీదారు ఇచ్చిన రేంజ్‌నే తీసుకుంటాయి. అలా తీసుకున్నప్పుడు అది మన మనుషులకి సరిపోతుందో లేదో చూడాలి: ఆరోగ్యంగా ఉన్న 20 మందికి పరీక్ష చేసి, రేంజ్ బయట పడ్డవాళ్ళు ఇద్దరికి మించకపోతే ఒప్పుకోవచ్చు. మించితే మరో 20 మందితో చూడాలి. ఇది పెద్ద ఖర్చు కాదు. అయినా చాలాచోట్ల చేయరు. రిపోర్టు మీద ఆడవాళ్ళకీ మగవాళ్ళకీ ఒకే క్రియాటినిన్ రేంజ్ కనిపించిందంటే ఆ పని జరగలేదని దాదాపు చెప్పేయొచ్చు. క్యాంపు రిపోర్టులో 0.6 – 1.3 అని అందరికీ ఒకటే ఉంది.

ఉద్దానంలో ఇంకో చిక్కు ఉంది. స్థానికుల నుంచే రేంజ్ తయారు చేసుకుంటే మేలు కదా అని అడిగేవాళ్ళున్నారు. మామూలుగా మేలే. కానీ కిడ్నీ జబ్బు మొదట్లో ఏ లక్షణమూ చూపించదు. బాగానే ఉన్నానని చెప్పి రక్తం ఇచ్చిన 120 మందిలో కొందరికి జబ్బు లోపల మొదలై ఉంటుంది. వాళ్ళ విలువలు వరసలో పై చివరికి చేరి పై హద్దుని పైకి లాగుతాయి. అప్పుడు 1.45 కూడా 'రేంజ్ లోపల' అయిపోతుంది, అసలు జబ్బువాళ్ళకి H పడదు. అందుకే ఇక్కడ ఎంచుకునేవాళ్ళకి మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రోటీన్, స్కానింగ్ కూడా చూడకుండా 'ఆరోగ్యవంతుడు' అనే ముద్ర వేయకూడదు. బయటి నుంచి వచ్చిన రేంజ్ మన కండ బలం ఉన్న మనుషులకి బిగుతుగా ఉంటుంది. లోపలి నుంచి తెచ్చుకున్న రేంజ్‌లోకి జబ్బు జొరబడుతుంది. ఈ రెంటినీ మనసులో పెట్టుకునే ఆ 1.42ని చూడాలి.

కుర్రాడి 1.42ని విప్పి చూస్తే

క్రియాటినిన్ కండరాల్లోంచి వస్తుంది. కండలో ఉన్న క్రియాటిన్ అనే పదార్థంలో రోజూ ఒకటి రెండు శాతం క్రియాటినిన్‌గా మారి రక్తంలోకి చేరుతుంది, కిడ్నీ దాన్ని వడకట్టి బయటికి పంపుతుంది. రక్తంలో ఉన్న అంకె రెండు పనుల మధ్య నిలిచే మట్టం: ఎంత తయారవుతోంది, ఎంత పోతోంది. పోవడం తగ్గితే పెరుగుతుంది. తయారవడం ఎక్కువైనా పెరుగుతుంది. 84 కిలోలలో ఎక్కువ భాగం కండే ఉన్న మనిషికి పై చివర్లో ఉండడం సహజం. ఎదురుగా కూర్చున్న మనిషి చేతులు చూస్తేనే సగం విషయం తెలుస్తుంది.

తర్వాత రక్తం ఇచ్చే ముందు ఏం జరిగిందో అడిగాను. ముందురోజు రాత్రి ఇంట్లో నాటుకోడి కూర. పొద్దున్నే ఐదు కిలోమీటర్లు పరుగెత్తి, నీళ్ళు కూడా సరిగా తాగకుండా నేరుగా క్యాంపుకి వెళ్ళాడు. ఈ మూడూ అంకెని పైకి నెట్టేవే. వండిన మాంసంలో ఉన్న క్రియాటిన్ వేడికి క్రియాటినిన్‌గా మారుతుంది, అది తిన్న కొన్ని గంటలకి రక్తంలో కనిపిస్తుంది. గట్టి వ్యాయామం, ఒంట్లో నీళ్ళు తగ్గడం దానికి తోడు. జిమ్‌లో డబ్బా పొడి ఏదైనా వాడుతున్నావా అని కూడా అడిగాను, క్రియాటిన్ పొడి ఈమధ్య పల్లె జిమ్‌లలోకీ వచ్చింది. "లేదు సార్, గుడ్లూ పల్లీలే" అన్నాడు.

ఇంకొకటి, పరీక్ష చేసిన పద్ధతి. క్యాంపులో వాడింది జాఫే పద్ధతి. మాక్స్ జాఫే 1886లో గమనించిన చర్య అది: క్షారంలో పిక్రిక్ ఆమ్లంతో క్రియాటినిన్ కలిస్తే నారింజ రంగు వస్తుంది, రంగు చిక్కదనాన్ని బట్టి అంకె. చవక, వేగం. కానీ రక్తంలో ఉన్న ప్రోటీన్లు, గ్లూకోజు, కీటోన్లు కూడా కొంత రంగు ఇస్తాయి. అందుకే దిద్దుబాటు చేయని జాఫే అంకె అసలుకన్నా కొంచెం ఎక్కువగా ఉంటుంది. ఎంజైమ్ పద్ధతి క్రియాటినిన్‌ని మాత్రమే పట్టుకుంటుంది. దాని రేంజ్ వేరు, దీని రేంజ్ వేరు. ఒక పద్ధతి అంకెని ఇంకో పద్ధతి రేంజ్‌తో పోల్చకూడదు. వేరు వేరు ల్యాబుల రిపోర్టులు పక్కపక్కన పెట్టుకుని 'పెరిగింది, తగ్గింది' అని బాధపడేవాళ్ళకి నేను మొదట చెప్పేది ఇదే.

ఆ రోజు రక్తం తీయలేదు. రెండు రోజులు జిమ్, పరుగు ఆపమని, ముందురోజు మాంసం, చేపలు మానమని, నీళ్ళు మామూలుగా తాగమని చెప్పి పంపాను. నీళ్ళు లీటర్ల కొద్దీ తాగి రమ్మనలేదు, అది ఇంకో రకం అబద్ధపు అంకెని ఇస్తుంది. వచ్చాక మా ఎంజైమ్ పద్ధతిలో చేశాం. 1.27. మగవాళ్ళకి మా రేంజ్ 0.70 – 1.20. అంటే మళ్ళీ H.

ఇక్కడ చాలామంది తొందరపడతారు. రెండుసార్లు H వచ్చింది కాబట్టి జబ్బే అని కొందరంటారు. ఇంత చిన్న తేడా ఏముందిలే అని ఇంకొందరంటారు. రెండూ సరికావు. కండ వల్ల ఎక్కువగా ఉన్న మనిషికి మళ్ళీ చేసినా ఎక్కువే వస్తుంది, కాబట్టి రెండో H కొత్తగా చెప్పేదేమీ లేదు. కానీ అది ఉద్దానం. అక్కడ 'చిన్న తేడా' అని వదిలేయకూడదు. చేయాల్సిందల్లా కండతో సంబంధం లేని వేరే సాక్ష్యం వెతకడం.

క్రియాటినిన్ 1.27, వయసు 26 పెట్టి 2021 సీకేడీ-ఎపి లెక్క వేస్తే ఈజీఎఫ్ఆర్, అంటే కిడ్నీ నిమిషానికి వడకట్టే సామర్థ్యం, 80 వస్తుంది. ఈ వయసు కుర్రాడికి తక్కువే. కానీ ఆ లెక్క మనిషి కండ సగటుగా ఉందని అనుకుంటుంది, కండని కొలవదు. కాబట్టి కండతో దాదాపు పనిలేని సిస్టాటిన్ సి అనే ప్రోటీన్‌ని చూడాలి. ఒంట్లోని కణాలన్నీ దాన్ని ఇంచుమించు ఒకే వేగంతో తయారు చేస్తాయి. శాంపుల్ విశాఖపట్నం పంపించాం. 0.84 వచ్చింది. దాంతో లెక్క వేస్తే ఈజీఎఫ్ఆర్ 112. ఒకే మనిషి, ఒకే రోజు, ఒక లెక్కలో 80, ఇంకో లెక్కలో 112. ఈ తేడా కిడ్నీది కాదు, కండది. సిస్టాటిన్‌కీ దాని ఇబ్బందులు దానికున్నాయి: థైరాయిడ్ జబ్బు, స్టెరాయిడ్ మందులు, బాగా లావు, ఒంట్లో వాపు ఉంటే అదీ తప్పుదారి పట్టిస్తుంది. ఇతనికి అవేవీ లేవు.

మూత్రంలో ఆల్బుమిన్ – క్రియాటినిన్ నిష్పత్తి 6, అంటే 30కి చాలా తక్కువ. మూత్రాన్ని మైక్రోస్కోపు కింద చూస్తే కణాలూ, కిడ్నీ నాళికల్లో అచ్చుపోసినట్టు తయారయ్యే కాస్ట్‌లూ లేవు. బీపీ 118/76. స్కానింగ్‌లో రెండు కిడ్నీల పరిమాణం, లోపలి తీరు బాగున్నాయి. ఉద్దానం జబ్బు విషయంలో ఒకటి చెప్పాలి: అది ఎక్కువగా కిడ్నీలోని నాళికలని, వాటి చుట్టూ ఉన్న కణజాలాన్ని దెబ్బతీస్తుంది, కాబట్టి మూత్రంలో ప్రోటీన్ పెద్దగా పోదు. అందుకే ఆల్బుమిన్ ఒక్కటి బాగుందని ఇక్కడ ఎవరినీ ఇంటికి పంపకూడదు. సిస్టాటిన్, స్కానింగ్ కలిసి చెబితేనే నమ్మాను.

మూడు నెలల తర్వాత మళ్ళీ పిలిచాను. దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు అనాలంటే మార్పు మూడు నెలలు దాటి నిలవాలి, కాబట్టి ఆ గడువు మొక్కుబడి కాదు. 1.25. ఇది ఇతని మట్టం. రేంజ్‌కి కొంచెం బయట, స్థిరంగా, ఆరోగ్యంగా. ఆ 120 మంది వరసలో ఇతను 119వ చోట నిలబడే మనిషి.

పక్కన కూర్చున్న తల్లి

మొదటి రోజే ఆమెని అడిగాను, "అమ్మా, మీరూ క్యాంపులో రక్తం ఇచ్చారా?" అని. "ఇచ్చినాను బాబూ. నాది బాగానే ఉందన్నారు, ఏ గుర్తూ లేదు" అని చెంగు ముడి విప్పి మడత పెట్టిన కాగితం ఇచ్చింది. క్రియాటినిన్ 1.0. అందరికీ ఒకే రేంజ్ కాబట్టి H లేదు.

ఆమెకి 48 ఏళ్ళు. పలాస దగ్గర జీడి ఫ్యాక్టరీలో పిక్కలు ఒలిచే పని. సన్నగా ఉంటుంది, 43 కిలోలు. అంత తక్కువ కండ ఉన్న ఆడమనిషికి 1.0 నాకు నచ్చలేదు. ఏడాది కిందట గర్భసంచి ఆపరేషన్‌కి ముందు మా దగ్గరే రక్తం ఇచ్చిందని మాటల్లో చెప్పింది. ఫోన్ నంబరుతో వెతికితే పాత రిపోర్టు దొరికింది: ఎంజైమ్ పద్ధతి, ఇదే మెషీన్, క్రియాటినిన్ 0.64. అప్పటికప్పుడు రక్తం తీయించాను. 0.92. ఆడవాళ్ళకి మా రేంజ్ 0.50 – 0.95. లోపలే ఉంది. సాఫ్ట్‌వేర్ ఏమీ అనలేదు.

కొడుకు అంకె హద్దు బయట ఉండి కదలలేదు. తల్లి అంకె హద్దు లోపలే ఉండి 44 శాతం పెరిగింది. ఈ రెంటిలో ఏది ముఖ్యమో చెప్పడానికి ఒక లెక్క ఉంది. ఒకే మనిషి క్రియాటినిన్, కిడ్నీలో ఏ మార్పూ లేకపోయినా, రోజుకీ రోజుకీ 4, 5 శాతం అటూ ఇటూ కదులుతుంది. మెషీన్ కూడా తనవంతుగా 2, 3 శాతం కదుపుతుంది. అదే ట్యూబుని వెంటవెంటనే మళ్ళీ మళ్ళీ పెట్టి చూడండి, 1.20 ఒకసారి 1.18, ఒకసారి 1.23 అవుతుంది. ఈ రెండు కదలికలనీ కలిపి, రెండు రిపోర్టుల మధ్య ఎంత తేడా వస్తే అది నిజమైన మార్పు అనుకోవచ్చో ఇలా లెక్కిస్తాం:

```
RCV = 2.77 × √(CVa² + CVi²)
    = 2.77 × √(3² + 4.5²) ≈ 15%
```

ఇందులో RCV ఆ తేడా, CVa మెషీన్ కదలిక, CVi మనిషి లోపలి కదలిక. అంటే క్రియాటినిన్‌లో 15 శాతం లోపు తేడా వస్తే అది మామూలు ఊగిసలాట కావచ్చు, దాటితే కారణం వెతకాలి. రెండు రిపోర్టులూ ఒకే పద్ధతిలో చేసినవై ఉంటేనే ఈ లెక్క చెల్లుతుంది.

క్రియాటినిన్‌కి రిఫరెన్స్ రేంజ్ ఎందుకు అంత బాగా పనిచేయదో కూడా ఇందులోనే ఉంది. ఒక మనిషి తన మట్టం చుట్టూ 4, 5 శాతమే తిరుగుతాడు. కానీ మనిషికీ మనిషికీ మధ్య తేడా దానికి దాదాపు మూడు రెట్లు. 120 మంది నుంచి తీసిన రేంజ్ అంత వెడల్పుగా ఉండేది ఈ రెండో తేడా వల్లే. కాబట్టి కింది చివర ఉన్న మనిషి తన మట్టం నుంచి చాలా పైకి వెళ్ళినా రేంజ్ లోపలే మిగిలిపోతాడు. కిడ్నీ పని సగానికి పడితే క్రియాటినిన్ రెట్టింపవుతుంది. 0.6 ఉన్న మనిషి సగం కిడ్నీ పోగొట్టుకున్నాక కూడా 1.2 దగ్గరే ఉంటుంది. క్యాంపు రేంజ్ 1.3 వరకు కదా, H పడదు. సోడియం, కాల్షియం లాంటివి మనుషులందరిలోనూ ఇంచుమించు ఒకే చోట ఉంటాయి కాబట్టి వాటికి రేంజ్ మెరుగ్గా పనిచేస్తుంది. క్రియాటినిన్‌కి మనిషి పాత రిపోర్టే అసలైన రేంజ్.

తల్లికి ఈజీఎఫ్ఆర్ లెక్క వేస్తే ఏడాదిలో 110 నుంచి 77కి పడింది. ఆల్బుమిన్ నిష్పత్తి 24, హద్దు లోపలే. స్కానింగ్‌లో కిడ్నీల పై పొర కొంచెం తెల్లబడింది. 60 కంటే తక్కువ ఈజీఎఫ్ఆర్ గానీ, 30 దాటిన ఆల్బుమిన్ గానీ లేవు కాబట్టి జబ్బు పేరు పెట్టే స్థితి ఇంకా రాలేదు. కానీ పెడదోవ పట్టిందన్నది స్పష్టం. మోకాళ్ళ నొప్పికి మందుల షాపులో తీసుకున్న డైక్లోఫెనాక్ ఎనిమిది నెలలుగా రోజూ వేసుకుంటున్నానని అడిగితే చెప్పింది. ఫ్యాక్టరీలో వేడి, పనివేళల్లో నీళ్ళు తక్కువ. నెఫ్రాలజిస్టు దగ్గరికి పంపించాను, వెంట రెండు రిపోర్టులూ, లెక్కా ఒకే కాగితం మీద రాసిచ్చాను. ఆయన నొప్పి మాత్ర ఆపించి, మోకాళ్ళకి ఫిజియోథెరపీ రాశారు. మూడు వారాలకి 0.88, మూడు నెలలకి 0.90. తగ్గింది గానీ 0.64కి వెళ్ళలేదు. మందు వల్ల ఎంత, ఇంకేదైనా వల్ల ఎంత అన్నది ఇంకా తేలలేదు. మూడు నెలలకోసారి చూస్తున్నారు.

ఒక్క H ఎదురైనప్పుడు నేను చూసే తీరు

హద్దుకి ఎంత దూరంలో ఉందన్నది మొదటి విషయం. 1.3 హద్దు ఉన్నచోట 1.42కీ 4.2కీ ఒకటే H పడుతుంది, కానీ రెండోది ఆ పూటే డాక్టరు చూడాల్సింది. పొటాషియం 6.5 వస్తే మేం ఫోన్ చేసి మరీ చెబుతాం, రేపటిదాకా ఆగం. హద్దుకి పది శాతం లోపు తేడా అయితే పద్ధతి, ముందురోజు తిండి, పరుగు, మందులు అడిగి, నిబంధనలు పాటించి మళ్ళీ చేయించడం సరిపోతుంది.

రెండోది, అది ఏ రకం హద్దు అన్నది. షుగరు జబ్బుని తేల్చే హెచ్‌బీఏ1సీ 6.5, ఎల్‌డీఎల్ కొలెస్ట్రాల్ లక్ష్యాలు 120 మంది వరస నుంచి వచ్చినవి కావు. ఆ అంకె దాటినవాళ్ళకి జబ్బు వచ్చే అవకాశం ఎంత అని చూసి పెట్టినవి. అక్కడ 'ఇరవైలో ఒకరికి ఇలా పడుతుంది' అని తోసిపుచ్చడానికి వీల్లేదు. రిపోర్టు మీద రెండు రకాల హద్దులూ ఒకే గడిలో, ఒకే అక్షరాల్లో ప్రింటవడం వల్ల చదివేవాళ్ళకి ఈ తేడా తెలియడం లేదు. ల్యాబులు దీన్ని విడిగా చూపించాలని నా గట్టి అభిప్రాయం.

మూడోది, ఆ అంకెకి తోడుగా ఇంకేమన్నా కదిలిందా. కిడ్నీ నిజంగా దెబ్బతింటే క్రియాటినిన్ ఒంటరిగా చాలా దూరం వెళ్ళదు, యూరియా, పొటాషియం, మూత్రం, బీపీ, స్కానింగ్‌లో ఎక్కడో ఒకచోట ఆనవాలు కనిపిస్తుంది. కుర్రాడికి అదొక్కటే ఒంటరిగా ఉంది. తల్లికి హద్దులు దాటకుండానే మూడు నాలుగు ఒకే వైపు కదిలాయి.

అన్నిటికన్నా నేను ఎక్కువగా నమ్మేది పాత రిపోర్టునే. కవిటి నుంచి సోంపేట వరకు ఇళ్ళలో క్యాంపు కాగితాలు పారేయకండి. అదే ల్యాబ్, అదే పద్ధతి అయితే మరీ మంచిది. వేరే ల్యాబ్ అయితే రిపోర్టు మీద పద్ధతి పేరు, రక్తం ఇచ్చిన పూట ఏం తిన్నారో పెన్నుతో రాసి పెట్టుకోండి.

కుర్రాడి ఫైలులో ఇప్పుడు మేం రాసి పెట్టింది ఇది: మట్టం 1.26 దగ్గర, ఎంజైమ్ పద్ధతి, కండ వల్ల. ఏడాదికోసారి ఇదే పద్ధతిలో చేయాలి. 1.45 దాటితే, అంటే 15 శాతం పెరిగితే, వెంటనే సిస్టాటిన్, మూత్రం, స్కానింగ్ మళ్ళీ చూడాలి. 1.30 వచ్చి H పడితే ఏమీ చేయనక్కర్లేదు. కానిస్టేబుల్ ఈవెంట్స్ తర్వాత జరిగే మెడికల్‌లో ఎవరైనా H చూసి ఆపితే చూపించడానికి సిస్టాటిన్ రిపోర్టు జతచేసి ఒక లెటర్ కూడా ఇచ్చాను. తల్లి ఫైలులో మట్టం 0.64 అని రాసి ఉంది, 0.74 దాటిన ప్రతి రిపోర్టునీ, H ఉన్నా లేకపోయినా, ఫోన్ చేసి చెప్పాలని మా రిసెప్షన్‌కి సూచన పెట్టాను.